బిల్లు రాకముందే పుట్టిన బాకీ



2025లో ఉగాది మార్చి 30న, ఆదివారం నాడు వచ్చింది. మర్నాడు సోమవారం రంజాన్. ఆ సోమవారమే ఆర్థిక సంవత్సరానికి ఆఖరి రోజు కూడా. అంటే శనివారం సాయంత్రం ఆఫీసులు మూసిన తరువాత మళ్లీ తెరిచేసరికి చాలా చోట్ల కొత్త లెక్కల సంవత్సరం మొదలైపోయింది. సరుకు మాత్రం సెలవులు చూసుకుని కదలదు కదా. ఈ రోజు నేను చెప్పబోయే సంగతికి ఆ మూడు రోజులూ సరిగ్గా సరిపోతాయి. గోదాములోకి సరుకు వచ్చింది, దాని బిల్లు ఇంకా రాలేదు, ఈలోగా నెల ముగిసింది. ఇప్పుడు లెక్క ఎలా రాయాలి?

దీన్ని సత్రపట్టిలో పెట్టి చెబుతాను. తమిళనాడు విరుదునగర్ జిల్లాలో, మన రాజపాళయానికి దగ్గరలో ఉన్న ఊరది. ఆసుపత్రుల్లో గాయాలకు కట్టే గాజు గుడ్డ, బ్యాండేజీ గుడ్డ అక్కడా, పక్కనున్న సముసిగాపురం, అయ్యనాపురం లాంటి ఊళ్లలోనూ మరమగ్గాల మీద తయారవుతుంది. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా స్థాపించిన రాజపాళయం మిల్స్ దగ్గర నుంచి ఈ చుట్టుపక్కల నూలు మిల్లులు పెరిగాయి. నూలు దగ్గరలోనే దొరుకుతుంది, మగ్గాలు ఊళ్లోనే ఉన్నాయి, నేసిన గుడ్డను తెల్లగా చేసే బ్లీచింగ్ యూనిట్లు కూడా అందుబాటులోనే ఉన్నాయి. ఇళ్లలో తెలుగు మాట్లాడుకుని, కొట్లో తమిళంలో బేరమాడి, లెక్కలు ఇంగ్లీషులో రాసే ఊరు రాజపాళయం. సత్రపట్టి యూనిట్ల లెక్కలు చూసే గుమాస్తాల్లో మనవాళ్లూ ఉన్నారు. ఈ మాటలు ముఖ్యంగా వాళ్లకోసం.

ఒక యూనిట్‌ను ఊహించుకుందాం. పేరు అక్కర్లేదు. లెక్క తేలిగ్గా బుర్రకెక్కాలని అంకెలు నేనే గుండ్రంగా వేస్తున్నాను. మార్చి 29 శనివారం సాయంత్రం ఆ యూనిట్‌కు నూలు లారీ వచ్చింది. 40వ కౌంటు నూలు, 40 మూటలు, మూటకు 50 కిలోలు. మొత్తం 2,000 కిలోలు. ఫోనులో మాట్లాడుకున్న ధర కిలో 260 రూపాయలు. డ్రైవరు చేతిలో డెలివరీ చలాన్ ఉంది, ఈ-వే బిల్లు ఉంది, అసలు బిల్లు లేదు. గోదాము మనిషి మూటలు లెక్కపెట్టి, తూకం వేసి, చలాన్ మీద సంతకం పెట్టి దించుకున్నాడు.

జీఎస్‌టీ వచ్చాక బిల్లు లేకుండా సరుకు కదలడం కుదురుతుందా అని కొందరు అడుగుతారు. మామూలు నియమం ప్రకారం సరుకు బయల్దేరేలోగానే బిల్లు తయారు కావాలి. అయితే జీఎస్‌టీ నిబంధనల్లో 55వది ఒక వెసులుబాటు ఇచ్చింది. బయల్దేరే సమయానికి బిల్లు చేయడం సాధ్యపడకపోతే చలాన్ మీద సరుకు పంపి, అది చేరిన తరువాత బిల్లు ఇవ్వవచ్చు. ఇంకా ఎక్కువగా జరిగేది వేరే. బిల్లు మిల్లు కంప్యూటర్లో తయారయ్యే ఉంటుంది, మన చేతికే వచ్చి ఉండదు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఆగిపోతుంది, లేదా రేటు తప్పు పడిందని వెనక్కి పోతుంది, లేదా మన వేరే బ్రాంచికి వెళ్లిపోతుంది. లెక్కల గుమాస్తా మొదట తేల్చుకోవలసింది ఇదే: బిల్లు అసలు తయారు కాలేదా, తయారై మనకు అందలేదా? రెండిటికీ చిట్టా పద్దు ఒకటే. పన్ను దగ్గరికి వచ్చేసరికి మాత్రం తేడా వస్తుంది. అక్కడికి కాసేపట్లో వస్తాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. మార్చి 31 నాటికి ఆ యూనిట్ మిల్లుకు డబ్బు బాకీ ఉందా, లేదా? ఉంది. నూలు మనదైంది, మన గోదాములో ఉంది, ధర ఒప్పుకున్నాం. రేపు ఆ గోదాములో నిప్పంటుకుంటే నష్టం మనది, మిల్లుది కాదు. సరుకు తీసుకుని ఒప్పుకున్న క్షణంలోనే బాకీ పుట్టింది. బిల్లు ఆ బాకీకి రుజువుగా వచ్చే కాగితం. మన దేశపు లెక్కల ప్రమాణాలు కూడా ఇదే చెబుతాయి. సరుకు అందుకుని, ఇంకా బిల్లు రాకపోయినా, డబ్బు కట్టకపోయినా, దాన్ని బాకీగానే చూపాలని ఇండ్ ఏఎస్ 37 స్పష్టంగా అంటుంది. చిన్న యూనిట్లు పాటించే పాత ప్రమాణాల్లోనూ దారి ఇదే.

కానీ చాలామంది గుమాస్తాలు బిల్లు చేతిలో పడితే తప్ప పద్దు రాయరు. కాగితం లేనిదే కలం పెట్టకూడదన్నది పాత క్రమశిక్షణ, దానిలో మంచి ఉంది. అయితే నెలాఖరున ఆ క్రమశిక్షణే దెబ్బ కొడుతుంది. ఎలాగో చూడండి.

మన యూనిట్‌కు సంవత్సరం మొదట్లో 6 లక్షల సరుకుంది. సంవత్సరంలో బిల్లులు వచ్చిన నూలు కొనుగోళ్లు 20 లక్షలు. నేత కూలి, బ్లీచింగ్, ప్యాకింగ్ అన్నీ కలిపి 5 లక్షలు. అమ్మకాలు 28 లక్షలు. ఆ శనివారం వచ్చిన 40 మూటలు కాకుండా ముగింపు సరుకు 5 లక్షలు. ఆరు, ఇరవై, ఐదు కలిపితే 31 లక్షలు. అందులో ముగింపు సరుకు 5 లక్షలు తీసేస్తే అమ్మిన సరుకు ఖరీదు 26 లక్షలు. లాభం 2 లక్షలు.

మార్చి 31న యజమాని దగ్గరుండి గోదాము లెక్క పెట్టించాడు. లెక్క పెట్టేవాడికి బిల్లుతో పని లేదు. కంటి ముందు ఉన్న మూటలన్నీ రాస్తాడు. 40 మూటలూ అందులో చేరాయి. 2,000 కిలోలు, కిలో 260, మొత్తం 5 లక్షల 20 వేలు. ముగింపు సరుకు 10 లక్షల 20 వేలు అయింది. కొనుగోళ్లలో మాత్రం ఈ నూలు లేదు, బిల్లు రాలేదు కనుక. ఇప్పుడు అమ్మిన సరుకు ఖరీదు 20 లక్షల 80 వేలకు పడిపోయింది. లాభం 7 లక్షల 20 వేలు.

అమ్మకాలు ఒక్క రూపాయి పెరగలేదు. మగ్గం మీద ఒక్క గజం ఎక్కువ నేయలేదు. అప్పుగా తెచ్చుకున్న నూలు మొత్తం లాభంగా మారిపోయింది. ఆ యూనిట్ పార్ట్‌నర్‌షిప్ సంస్థ అయితే 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు. లేని లాభం 5 లక్షల 20 వేల మీద ఆ సంవత్సరానికి పడే పన్ను లక్షా 62 వేల 240 రూపాయలు. తరువాతి సంవత్సరం బిల్లు పద్దు రాసినప్పుడు ఆ సంవత్సరపు లాభం అంతే తగ్గి కనిపిస్తుంది, నిజమే. కానీ ఈలోగా పన్ను కట్టేశాం, భాగస్థులు వాటాలు పంచేసుకుని ఉంటారు.

బ్యాంకు దగ్గర ఇదే తప్పు ఇంకోలా బయటపడుతుంది. క్యాష్ క్రెడిట్ ఉన్న యూనిట్ నెల నెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. బ్యాంకు సరుకు విలువలోంచి సరుకు తాలూకు బాకీలు తీసేసి, మిగిలిన దానిలో మార్జిన్ పోను ఎంత వాడుకోవచ్చో లెక్క కడుతుంది. మార్జిన్ 25 శాతం అనుకుందాం. పాత బాకీలేవీ లేవనుకుందాం. 10 లక్షల 20 వేల సరుకు చూపి, ఈ నూలు బాకీ చూపకపోతే 7 లక్షల 65 వేలు వాడుకోవచ్చని వస్తుంది. బాకీ చూపితే 3 లక్షల 75 వేలే. ఈ రెండిటికీ మధ్య ఉన్న 3 లక్షల 90 వేలు మిల్లు వాళ్ల నూలు మీద బ్యాంకు మనకిచ్చిన అప్పు. బ్యాంకు ఆడిటర్ వచ్చి గోదాము పుస్తకాన్నీ కొనుగోళ్ల ఆవర్జానూ పక్కపక్కన పెట్టిన రోజు, తప్పు చేయాలన్న ఉద్దేశం లేకపోయినా జవాబు చెప్పుకోవలసిన పరిస్థితి వస్తుంది.

బిల్లు రాలేదు కనుక సరుకూ రాయం, బాకీ కూడా రాయం అనేవాళ్లున్నారు. లాభం మారదు కదా అని వాళ్ల వాదన. నూలు మూటలు గోదాములోనే ఉన్నంత వరకు అది నిజం. ఆస్తి అప్పుల పట్టీలో రెండు వైపులా 5 లక్షల 20 వేలు తక్కువ చూపిస్తున్నాం, అంతే. అయితే ఇదే నూలు మార్చి మొదటి వారంలో వచ్చి, మగ్గమెక్కి, గుడ్డై, బ్లీచింగ్ అయ్యి, మార్చి 31లోగా అమ్ముడైపోయిందనుకోండి. అప్పుడు అమ్మకం ఈ సంవత్సరంలో పడింది, నూలు ఖర్చు పడలేదు. మళ్లీ లాభం 5 లక్షల 20 వేలు ఎక్కువ. సత్రపట్టిలో నూలు గుడ్డగా మారడానికి నెలలు పట్టదు. అందుకే సరుకు ఎక్కడుందో చూడకుండా రెండూ వదిలేస్తే సరిపోతుందన్న మాట నేను ఒప్పుకోను.

సరైన పద్దు ఇది. మార్చి 31 తేదీతో, కొనుగోళ్ల ఖాతా డెబిట్ 5 లక్షల 20 వేలు. బిల్లు రాని కొనుగోళ్ల బాకీ ఖాతా క్రెడిట్ 5 లక్షల 20 వేలు. వివరణలో చలాన్ నంబరు, సరుకు రసీదు నంబరు, మూటలు, కిలోలు, ధర అన్నీ రాయాలి. ముగింపు సరుకులో 40 మూటలూ ఉంటాయి. ఇప్పుడు కొనుగోళ్లు 25 లక్షల 20 వేలు, ముగింపు సరుకు 10 లక్షల 20 వేలు. లాభం మళ్లీ 2 లక్షలకే వచ్చింది. ప్రతి రాకపోకకూ నిల్వ ఖాతా నడిపే యూనిట్లు కొనుగోళ్ల బదులు నేరుగా నూలు నిల్వ ఖాతానే డెబిట్ చేస్తాయి. ఫలితం ఒకటే.

ఈ బాకీని మిల్లు ఖాతాలో క్రెడిట్ చేయకుండా వేరే ఖాతాలో పెట్టమనడానికి కారణం ఉంది. మిల్లు ఖాతాలో బిల్లు నంబరు లేని మొత్తం పడితే, ఏప్రిల్లో అసలు బిల్లు వచ్చినప్పుడు అదీ ఇదీ రెండూ చెల్లించే ప్రమాదముంది. మిల్లు వాళ్ల స్టేట్‌మెంటుతో మన ఆవర్జా కలవదు కూడా. వేరే ఖాతా ఉంటే ఎన్ని రసీదులకు బిల్లులు రావాలో ఒక్క చూపులో తెలుస్తుంది.

ఇక ధర, బరువు ఎక్కడి నుంచి తీసుకోవాలి? బరువు చలాన్‌లోది కాదు, మనం తూకం వేసి ఒప్పుకున్నది. 40 మూటల్లో ఒకటి తడిసి వచ్చిందని వెనక్కి పంపితే 39 మూటలకే పద్దు. ధరకు మొదటి ఆధారం ఆర్డరు కాగితం, లేదా ధర ఒప్పుకున్నట్టు వచ్చిన మెసేజి. అదీ లేకపోతే ఈ-వే బిల్లు చూడండి. తమిళనాడు లోపల లక్ష రూపాయలు దాటిన సరుకుకు అది తప్పనిసరి, దానిలో సరుకు విలువ రాసి ఉంటుంది. ఈ-వే బిల్లు పక్కనే ఉండగా పోయిన నెల ధరతో అంచనా వేసే గుమాస్తాలను చూశాను. అంత కష్టపడనక్కర్లేదు. అన్నిటికన్నా సులువు, మిల్లుకు ఫోను చేసి అడగడం. సెలవుల తరువాత ఏప్రిల్ 1నో 2నో అడిగినా మార్చి లెక్కకు పనికొస్తుంది. లారీ కిరాయి మనమే భరించాలన్న ఒప్పందమైతే ఆ కిరాయి కూడా నూలు ఖరీదులో భాగమే. దాని బిల్లూ రాకపోతే దానికీ ఇలాగే బాకీ రాయాలి.

పన్ను మాటకు వస్తున్నాను. నూలు మీద జీఎస్‌టీ 5 శాతం. 5 లక్షల 20 వేల మీద 26 వేలు. ఈ 26 వేలను మార్చి పద్దులో కలపకూడదు. సరుకు ఖరీదులో చేర్చకూడదు, ఎందుకంటే రేపు మనకు తిరిగి వచ్చే పన్ను సరుకు ఖరీదు కాదని ఏఎస్ 2 చెబుతుంది. ఇన్‌పుట్ క్రెడిట్‌గా కూడా రాసుకోకూడదు, ఎందుకంటే క్రెడిట్ తీసుకోవాలంటే బిల్లు చేతిలో ఉండాలి, సరుకు చేరి ఉండాలి, ఆ బిల్లు మన జీఎస్‌టీఆర్-2బిలో కనిపించాలి. మొదటి షరతే తీరలేదు. కాంపోజిషన్ పథకంలో ఉన్న యూనిట్‌కు క్రెడిట్ రాదు కనుక వాళ్లు మాత్రం పన్ను కలిపి 5 లక్షల 46 వేలకు పద్దు రాయాలి.

ఇందాక వాయిదా వేసిన తేడా ఇక్కడ ఉంది. బిల్లు మార్చి 29 తేదీతోనే తయారై, మనకు ఏప్రిల్లో అందితే, అది 2024-25 సంవత్సరపు బిల్లు. దాని క్రెడిట్ తీసుకోవడానికి గడువు 2025 నవంబరు 30. అదే బిల్లు ఏప్రిల్ 2 తేదీతో తయారైతే అది 2025-26 బిల్లు, గడువు ఇంకో సంవత్సరం తరువాత. బిల్లు తేదీ మారితే పన్ను గడువు మారుతుంది. సరుకు, బాకీ మాత్రం ఎటు తిరిగినా మార్చివే.

మన కథలో బిల్లు ఏప్రిల్ 2 తేదీతో తయారై, ఏప్రిల్ 9న అందింది. విప్పి చూస్తే ధర కిలో 263 ఉంది. 2,000 కిలోలకు 5 లక్షల 26 వేలు, పన్ను 26 వేల 300, మొత్తం 5 లక్షల 52 వేల 300. మనం వేసినదానికన్నా అసలు ధర 6 వేలు ఎక్కువ. ముందు ఆ ధర మనం ఒప్పుకున్నదేనా అని మిల్లుతో తేల్చుకోవాలి. ఒప్పుకున్నదేనని తేలితే ఆ 6 వేలు ఏ సంవత్సరానివి? మార్చి లెక్కలు ఇంకా ఖాయం కాకపోతే మార్చివే. బాకీ మార్చి 31 నాడే ఉంది. దాని నిజమైన మొత్తం ఎంతో ఈ బిల్లు ఇప్పుడు చెప్పింది, అంతే. సంవత్సరం ముగిశాక తెలిసినా ముగింపు నాటి స్థితిని చెప్పే సమాచారాన్ని ఆ లెక్కల్లోనే సర్దాలన్నది ఏఎస్ 4 చెప్పిన మాట. కొనుగోళ్లకు 6 వేలు కలిపి, ముగింపు సరుకులో కిలో ధరను 263 చేయాలి. రెండో సగం మరిచిపోతే లాభం ఊరికే 6 వేలు తగ్గుతుంది. లెక్కలు ఖాయమై సంతకాలు కూడా అయిపోతే, అంత చిన్న తేడాను ఏప్రిల్లో రాసుకోవచ్చు.

బిల్లు వచ్చాక పాత పద్దును ఏం చేయాలన్న దానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది, ఏప్రిల్ 1 తేదీతో మార్చి పద్దును తిరగవేయడం. బిల్లు రాని కొనుగోళ్ల బాకీ డెబిట్, కొనుగోళ్లు క్రెడిట్. తరువాత బిల్లు వచ్చినప్పుడు మామూలు కొనుగోలులాగే రాయడం. ఈలోగా ఏప్రిల్ కొనుగోళ్లు తాత్కాలికంగా తక్కువ కనిపిస్తాయి, భయపడనక్కర్లేదు. రెండో పద్ధతిలో తిరగవేయరు. బిల్లు వచ్చినప్పుడు కొనుగోళ్ల బదులు ఆ బాకీ ఖాతానే డెబిట్ చేసి, పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌లో డెబిట్ చేసి, మిల్లును పూర్తి మొత్తానికి క్రెడిట్ చేస్తారు. గుమాస్తా ఒక్కడే ఉన్న చిన్న యూనిట్‌కు మొదటి పద్ధతే మేలని నా అభిప్రాయం. బిల్లు వచ్చిన రోజు, ఇది మార్చిలో రాసినదా కాదా అని అతను ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు.

రెండు పద్ధతులను కలిపేస్తేనే చిక్కు. తిరగవేయడం మరిచిపోయి, బిల్లును మామూలు కొనుగోలుగా రాశారనుకోండి. ఒకే నూలు రెండుసార్లు కొనుగోళ్లలో పడింది. గుర్తుపట్టడం తేలికే. జూన్ నెలలో అంకణా తీసినప్పుడు బిల్లు రాని కొనుగోళ్ల బాకీ ఖాతాలో మార్చి నాటి 5 లక్షల 20 వేలు కదలకుండా అలాగే కూర్చుని ఉంటుంది. అందుకే నెల నెలా ఆ ఖాతాలోని ప్రతి మొత్తానికీ వయసు చూడాలి. రెండు నెలలు దాటినది ఉంటే దాని వెనుక ఏదో ఉంటుంది. బిల్లు వేరే దారిలో రాసేశారు, లేదా సరుకు వెనక్కి పోయినా రసీదు రద్దు చేయలేదు, లేదా ఒకే లారీకి రెండు రసీదులు వేశారు. ఇవేవీ కాకపోతే మిల్లు నిజంగానే బిల్లు వేయడం మరిచిపోయి ఉంటుంది. అప్పుడు ఆ మొత్తాన్ని లాభంలో కలిపేసుకోవాలన్న ఆలోచన రాకూడదు. ఉత్తరం రాసి బిల్లు అడగాలి. బాకీ బాకీయే.

కంప్యూటర్లో ట్యాలీ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. సరుకు వచ్చినప్పుడు రిసీట్ నోట్ వేసే అలవాటున్న యూనిట్లలో, లెక్కలూ నిల్వలూ కలిపి నడుపుతుంటే, బిల్లు రాని రసీదుల విలువను ట్యాలీ తనంతట తానే పర్చేజ్ బిల్స్ టు కమ్ అన్న పేరుతో అప్పుల వైపు చూపిస్తుంది. అది చూడకుండా గుమాస్తా మళ్లీ చేత్తో చిట్టా పద్దు వేస్తే బాకీ రెండింతలవుతుంది. ముందు ఆస్తి అప్పుల పట్టీ తెరిచి ఆ వరుస ఉందో లేదో చూడండి. ఉంటే, కొనుగోలు బిల్లుల పెండింగ్ జాబితాను గోదాము పుస్తకంతో సరిచూస్తే చాలు. రిసీట్ నోట్ వేయని యూనిట్‌కే చేతి పద్దు.

ఈ మొత్తం పనికి మూలం గోదాము పుస్తకమే. మార్చి 31 రాత్రి ఆఖరి సరుకు రసీదు నంబరు ఎంతో రాసి పెట్టుకోవాలి. 418 అనుకుందాం. 418 వరకు వచ్చిన ప్రతి రసీదుకూ ఎదురుగా బిల్లు నంబరు ఉందా అని వేలు పెట్టి చూడాలి. బిల్లు లేనివే మన జాబితా. 419 నుంచి ఏప్రిల్ సరుకు. ఏప్రిల్ 1 పొద్దున దిగిన మూటలను మార్చి నిల్వలో లెక్కపెట్టకుండా పక్కన పెట్టాలి. గోదాము కాపలా మనిషి తేదీని మరుసటి రోజుకు రాస్తే ఈ పద్ధతంతా కూలిపోతుంది. కాబట్టి గుమాస్తా మొదటి స్నేహం అతనితోనే చేయాలి.

ఇక సత్రపట్టికే ప్రత్యేకమైన చిక్కు. అక్కడ చాలా యూనిట్లు నూలు తామే కొని, నేయడానికి బయట మరమగ్గాల వాళ్లకు ఇస్తాయి. నేసిన గుడ్డ తిరిగి వస్తుంది. దాన్ని మళ్లీ బ్లీచింగ్‌కు పంపుతారు. నూలు ఎక్కడున్నా యజమానిదే. మార్చి 31న మగ్గాల దగ్గరున్న నూలు, బ్లీచింగ్ తొట్టెల్లో ఉన్న గుడ్డ, అన్నీ మన ముగింపు సరుకే. నేత ముగిసి గుడ్డ మార్చి 28న మన గోదాముకు వచ్చి, నేత కూలి బిల్లు ఇంకా రాకపోతే, దానికీ బాకీ రాయాలి. 48 వేలు అనుకుంటే, నేత కూలి ఖాతా డెబిట్ 48 వేలు, బిల్లు రాని బాకీ క్రెడిట్ 48 వేలు. గోదాములో ఉన్న ఆ గుడ్డ విలువ కట్టేటప్పుడు నూలు ధరతో పాటు ఈ 48 వేలు కూడా కలపాలి. నూలు ధర ఒక్కటే వేసి ఊరుకుంటే ముగింపు సరుకు తక్కువై, లాభం తగ్గి కనిపిస్తుంది.

ఈ ప్రాంతంలో నేత కూలి రేట్లు అప్పుడప్పుడూ చర్చల్లో ఉంటాయి. సమ్మెలు జరుగుతాయి, కొత్త ఒప్పందాలు కుదురుతాయి. చర్చ నడుస్తున్నప్పుడు నెల ముగిస్తే ఏ రేటు వేయాలి? అమల్లో ఉన్న పాత రేటుతో రాయాలి. పెంపు పాత తేదీ నుంచి వర్తిస్తుందని ఇరువైపులా ఒప్పుకుని, ఎంతో కూడా తెలిస్తే ఆ పెంపును చేర్చాలి. ఊహతో పెంచడం, ఆశతో తగ్గించడం రెండూ కూడదు.

మగ్గాల వాళ్ల విషయంలో బిల్లు ఆలస్యాన్ని ఇంకో కారణం వల్ల కూడా తేలిగ్గా తీసుకోకూడదు. వాళ్లలో చాలామంది సూక్ష్మ, చిన్న సంస్థల కిందికి వస్తారు. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టాలి. ఈ రోజులు బిల్లు తేదీ నుంచి మొదలు కావు. సరుకు మనకు అందిన రోజు, లేదా పని ఒప్పుకున్న రోజు నుంచి మొదలవుతాయి. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెల నెలా చక్రవడ్డీగా. 2023-24 లెక్కల నుంచి, గడువు దాటి బాకీ ఉన్న మొత్తాన్ని కట్టిన సంవత్సరంలోనే ఖర్చుగా ఒప్పుకుంటామని ఆదాయపు పన్ను చట్టం కూడా చెప్పింది. అంటే మార్చి 28న గుడ్డ అందుకుని, ఒప్పందం లేకుండా, బిల్లు రాలేదు కదా అని ఏప్రిల్ చివరి దాకా ఆగితే గడువు దాటిపోయినట్టే. బిల్లు రాని బాకీ పద్దులో సరుకు అందిన తేదీని రాసి పెట్టుకోవడం దీనికోసం కూడా అవసరం.

సత్రపట్టిలో, రాజపాళయంలో లెక్కలు రాసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా విన్నపం ఒకటే. ఈ నెలాఖరున కంప్యూటరు మూసే ముందు గోదాముకు వెళ్లి, రసీదు పుస్తకం తెప్పించుకుని, బిల్లు రాని ప్రతి రసీదునూ ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం మీద యజమాని చేత సంతకం పెట్టించి, ఆ తరువాతే లాభం ఎంతో ఆయనకు చెప్పండి.